గ్రూప్ ఫోటోను బొమ్మగా మార్చినా ఎవరి ముఖం వాళ్లకే ఉండాలంటే

పదిమంది ఉన్న ఫోటోను వాటర్ కలర్ బొమ్మగా మార్చమని ఏఐ టూల్‌కి ఇస్తే బట్టలు బాగా వస్తాయి, వెనక చెట్లు బాగా వస్తాయి. ముఖాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పదిమందినీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. తలలు ఆనించి కూర్చున్న ఇద్దరుంటే ఇంకా ఘోరం, ఒకరి చెంప ఇంకొకరి ముఖంలోకి కరిగిపోతుంది. ప్రాంప్ట్ ఎంత మార్చినా ఇది పోదు, ఎందుకంటే తప్పు ప్రాంప్ట్‌లో లేదు. ఫోటో మొత్తాన్ని ఒకేసారి మార్చాలనుకోవడంలోనే ఉంది.

ఈమధ్య నేను చేసిన ఒక ఫోటోను పట్టుకుని మొత్తం పద్ధతి చెబుతాను. అందులో వెనక వరసలో ఐదుగురు నిలబడ్డారు, ముందు వరసలో నలుగురు కూర్చున్నారు, ఒకరి ఒళ్లో రెండేళ్ల పాప ఉంది. ముందు వరసలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు తలలు ఆనించుకుని కూర్చున్నారు. వెనక వరసలో ఒక పిల్లాడి ముఖం సగం మాత్రమే, పెద్దాయన భుజం పక్కనుంచి కనిపిస్తోంది. నేను వాడింది బొమ్మలు వేసే SDXL మోడల్, దాన్ని నడిపే AUTOMATIC1111 ఇంటర్‌ఫేస్, లేయర్ల పనికి GIMP. మీరు వేరే టూల్స్ వాడినా పని వరస ఇదే.

ముఖాలు ఎందుకు ఒకటైపోతాయి

ఇది అర్థమైతే మిగతా అడుగులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఈ మోడల్ మీ ఫోటోను పిక్సెళ్లుగా చూడదు. ముందు దాన్ని నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతుకి కుదించి, ఆ చిన్న గడుల మీద పనిచేస్తుంది. అంటే 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ముక్క దానికి ఒక్క గడి.

నా ఫోటో 4096×3072. వెనక వరసలో ఒక ముఖం వెడల్పు దాదాపు 184 పిక్సెళ్లు, ముందు వరసలో 264. SDXL కి సరిపడేలా ఫోటోను 1024×768 కి తగ్గిస్తే వెనక ముఖం 46 పిక్సెళ్లవుతుంది, అంటే ఆరు గడులు కూడా నిండవు. మనిషి ముఖం వెడల్పు సుమారుగా ఐదు కళ్ల వెడల్పంత ఉంటుందని బొమ్మలేసేవాళ్లు లెక్క చెబుతారు. ఆ లెక్కన ఒక కన్ను మొత్తం ఒక్క గడిలోకి వచ్చేస్తుంది. కనురెప్ప కాస్త వాలి ఉండటం, ఒక కన్ను రెండోదానికన్నా చిన్నదిగా ఉండటం లాంటివే మనిషిని మనిషిగా గుర్తుపట్టించేవి. వాటికి అక్కడ చోటే లేదు. చోటు లేనప్పుడు మోడల్ తనకు బాగా అలవాటైన ముఖాన్ని అక్కడ పెట్టేస్తుంది. పదిమందికీ అదే పెడుతుంది.

రెండో కారణం ఒకరి కోసం రాసిన మాటలు పక్కవాళ్లకు పాకడం. ప్రాంప్ట్‌లో గడ్డం అని రాస్తే ఆ మాట ఎవరికి చెందినదో మోడల్‌కి గట్టిగా తెలియదు. బొమ్మంతటికీ ఆ మాట పాకుతుంది. పెద్దాయన కళ్లజోడు పక్కవాడికి కూడా రావడం, ఒకరి నెరిసిన జుట్టు అందరికీ అంటుకోవడం ఇందువల్లే.

కాబట్టి చేయాల్సింది ఇది: ఒక్కొక్క ముఖానికి చాలినన్ని గడులు ఇవ్వాలి, ఆ సమయంలో మోడల్ ముందు ఇంకో ముఖం లేకుండా చూడాలి.

అడుగు 1: అసలు ఫైల్ తెచ్చుకోండి, తలలు లెక్కపెట్టండి

మెసేజింగ్ యాప్‌లో వచ్చిన కాపీ వద్దు. అది కుదించి పంపినదై ఉంటుంది, వెనక వరస ముఖాలు అందులో ముందే చెదిరిపోయి ఉంటాయి. తీసిన ఫోన్‌లోంచి అసలు ఫైల్ అడగండి. తర్వాత ఫోటో కాపీ ఒకటి తెరిచి ప్రతి తల పక్కనా ఒక అంకె వేయండి. ఒళ్లో ఉన్న పాపకీ, సగం కనిపిస్తున్న పిల్లాడికీ కూడా వేయాలి. మోడల్ ముందుగా మింగేసేది వాళ్లనే. మొదటిసారి మొత్తం ఫోటో ఇచ్చి చూసినప్పుడు ఆ పాప తల్లి చీర మడతల్లో కలిసిపోయింది, చేతి వేళ్లు మాత్రం మిగిలాయి.

అంకెల పక్కన ఒక్కొక్కరి గురించి రెండు మూడు గుర్తులు రాసుకోండి. "అందంగా ఉంటుంది", "నవ్వుతున్నాడు" లాంటివి పనికిరావు. ఫోటోను బాగా దగ్గరికి తెచ్చి ఆ ముఖంలో మాత్రమే ఉన్నదేదో చూడండి. అక్కాచెల్లెళ్లకు నేను రాసుకున్నది ఇలా ఉంది. అక్క: కనుబొమలు తిన్నగా, గడ్డం పలకగా, నవ్వినప్పుడు ఎడమ పెదవి చివర ఎక్కువ పైకి వెళ్తుంది. చెల్లెలు: కనుబొమలు విల్లులా, గడ్డం కోసుగా, నవ్వితే పై చిగుళ్లు కొంచెం కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు. పోలికలున్న తోబుట్టువుల విషయంలో ఈ చిన్న తేడాలే పోతాయి, కాబట్టి ఈ కాగితమే చివర్లో మీకు పరీక్షాపత్రం.

ఇక్కడే స్టైల్ కూడా తేల్చుకోండి. ముక్కును ఒక చుక్కగా వేసి, కళ్లను పెద్దవి చేసే కార్టూన్ స్టైళ్లలో పోలిక నిలబెట్టడం చాలా కష్టం, ఎందుకంటే ఆ స్టైల్ తీసేసేది పోలికనే. గ్రూప్ ఫోటోకి వాటర్ కలర్, గువాష్, సిరా గీతలతో వేసిన రంగుబొమ్మ లాంటివి నయం. ముక్కు, దవడ, పెదవుల ఆకారం వాటిలో మిగులుతాయి.

అడుగు 2: ముఖాల సంగతి వదిలేసి, కింద పొరగా ఉండే అడుగు బొమ్మ చేయండి

ఫోటోను 1024×768 కి తగ్గించి, ఉన్న బొమ్మను కొత్త బొమ్మగా మార్చే `img2img` లో పెట్టండి. `Denoising strength` 0.5 దగ్గర ఉంచండి. ఇది ఎంత పెరిగితే మోడల్ అంత స్వేచ్ఛ తీసుకుంటుంది, 0 అయితే ఏమీ మారదు, 1 అయితే అసలు ఫోటోతో సంబంధమే ఉండదు. మనుషుల చేతులు, కుర్చీలు, నిలబడ్డ తీరు చెదరకుండా, ఫోటోలోని గీతలను పట్టి ఉంచే ControlNet లో `Lineart` గానీ `Canny` గానీ పెట్టి బరువు 0.8 చుట్టూ ఇవ్వండి. ప్రాంప్ట్‌లో స్టైల్ గురించి మాత్రమే రాయండి, మనుషుల గురించి ఒక్క మాట కూడా వద్దు.

```
watercolor painting, visible brush strokes,
thin ink outlines, paper texture
```

ముఖాలు పాడవుతాయి. టెన్షన్ పడకండి, వాటిని ఎలాగూ మార్చేస్తాం. చూడాల్సింది తలల లెక్క సరిపోయిందా, ఎవరి భుజం ఎవరిదో తెలుస్తోందా, బట్టల రంగులు ఉన్నాయా అన్నది. అది కుదిరాక బొమ్మను 2048×1536 కి పెంచి 0.3 తో ఇంకోసారి నడపండి, కుంచె జాడలు సన్నబడతాయి. ఆ తర్వాత మామూలు అప్‌స్కేలర్‌తో 4096×3072 కి, అంటే అసలు ఫోటో సైజుకి తెచ్చుకోండి. సైజు సరిగ్గా సమానంగా ఉంటేనే తర్వాత ముఖాలు వాటి చోట్లలో కూర్చుంటాయి.

అడుగు 3: ముఖాలను అసలు ఫోటోలోంచి కత్తిరించండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అడుగు బొమ్మలో పాడైన ముఖాన్ని తీసుకుని దాన్ని బాగుచేయబోతారు. పోయిన పోలికను ఎంత పెద్దది చేసినా అది తిరిగి రాదు. కత్తిరించాల్సింది ఫోటోలోంచి.

అందరికీ ఒకే కొలత వాడండి. నేను 512×512 చదరం పెట్టుకున్నాను. ముఖం మధ్యలో ఉండేలా, జుట్టు, మెడ, కాలర్ లోపలికి వచ్చేలా కత్తిరించాలి. ఒక్కొక్క ముక్క మూల ఫోటోలో ఎక్కడ ఉందో, ఎడమ నుంచి ఎన్ని పిక్సెళ్లు, పైనుంచి ఎన్ని పిక్సెళ్లు అన్నది ఫైల్ పేరులోనే రాసుకోండి. `03_x1480_y610.png` లాగా ఉంటే తిరిగి అతికించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ప్రతి ముక్కనూ రెండింతలు చేసి 1024×1024 కి తెస్తాం. ఇప్పుడు లెక్క చూడండి. 46 పిక్సెళ్లున్న వెనక వరస ముఖం ఇప్పుడు 368 పిక్సెళ్లయింది, అంటే 46 గడులు. ఒక కంటికి తొమ్మిది గడులు దక్కాయి. రెప్ప వాలడం, కనుపాప ఎటు చూస్తోందన్నది అందులో పడతాయి.

చిన్న ముఖాలను ఇంకా ఎక్కువ పెంచి, పెద్దవాటిని తక్కువ పెంచితే బాగుంటుందని అనిపిస్తుంది. వద్దు. అలా చేస్తే తిరిగి కుదించినప్పుడు ఒక్కో ముఖంలో గీతల మందం ఒక్కోలా వస్తుంది. ముందు వరస ఒక చిత్రకారుడు, వెనక వరస ఇంకొకరు వేసినట్టు తెలిసిపోతుంది. అందరినీ రెండింతలు చేస్తే అందరూ సగానికే తగ్గుతారు, గీత ఒకేలా ఉంటుంది.

అడుగు 4: ముక్కలో పక్కవాళ్లను కప్పేయండి

512 చదరంలో పక్కవాళ్ల చెంపో చెవో తప్పకుండా పడుతుంది. మోడల్ దాన్ని చూస్తే రెండు ముఖాలూ కలిపి ఒకటి చేయబోతుంది, లేదా పక్కవారి చెవిని ఈ మనిషికి రెండో చెవిగా పెడుతుంది. అందుకే మార్చే ముందు, ఆ మనిషిది కానిదంతా ఎంపిక చేసి ఒక చదును రంగుతో నింపండి. వెనకున్న నేపథ్యానికి దగ్గరగా ఉండే బూడిద రంగో లేత ఆకుపచ్చో చాలు.

అక్కాచెల్లెళ్ల దగ్గర ఈ పని ఓపికగా చేయాలి. వాళ్ల తలలు ఆనిన చోట ఫోటోలో అంచు కనిపించలేదు, నల్లటి జుట్టు నల్లటి జుట్టులో కలిసిపోయింది. ముందుగా ఎవరి తల ముందుకి ఉందో తేల్చుకున్నాను. చెల్లెలి నుదుటి మీది వెంట్రుకలు అక్క చెంప మీద పడ్డాయి, అంటే చెల్లెలు ముందు. కాబట్టి చెల్లెలి ముక్కలో ఆమె తల గీత మొత్తం ఉంచి అక్కను పూర్తిగా కప్పేశాను. అక్క ముక్కలో చెల్లెలి తల ఉన్న చోటంతా కప్పేస్తే అక్క ముఖంలో ఒక పక్క కోసినట్టు అయింది. అలా అవడమే సరైనది. ఫోటోలో కనపడని చెంపను మోడల్ ఊహించి వేసినా ఆ భాగం చెల్లెలి పొర కిందికి వెళ్లిపోతుంది.

సగం ముఖం ఉన్న పిల్లాడికీ ఇదే మందు. పెద్దాయన భుజాన్ని చదును రంగుతో నింపాక మోడల్ పిల్లాడి ముఖాన్ని పూర్తి చేయబోయింది. అతికించేటప్పుడు పెద్దాయన భుజం పై పొరలో ఉంది కాబట్టి ఎక్కువగా వచ్చినదంతా దాని వెనక దాగింది.

తల బాగా వంచి ఉన్నవాళ్ల ముక్కను తిప్పి, కళ్లు రెండూ ఒక అడ్డగీత మీద ఉండేలా నిలబెట్టండి. ఎంత తిప్పారో రాసుకుని తర్వాత అంతే వెనక్కి తిప్పండి. ఈ మోడళ్లు నిటారు ముఖాన్ని వేసినంత బాగా వాలిన ముఖాన్ని వేయలేవు, ఒక కన్ను కిందికి జారిపోతుంది.

అడుగు 5: ఒక్కొక్కరినీ విడిగా మార్చండి

స్టైల్ మాటలు అడుగు బొమ్మకి వాడినవే ఉండాలి, అక్షరం మారకూడదు. వాటి వెనక ఆ ఒక్క మనిషి గుర్తులు చేర్చండి.

```
watercolor painting, visible brush strokes,
thin ink outlines, paper texture,
man aged 70, round glasses, thin white hair
```

వయసు రాయడం మరచిపోవద్దు. రాయకపోతే పెద్దవాళ్ల ముడతలు పోతాయి, పిల్లలకు పెద్దల దవడ వస్తుంది. `beautiful`, `perfect face` లాంటి మాటలు పెట్టొద్దు, అందరినీ ఒకే ముఖం వైపు లాక్కెళ్లేవి అవే.

`Denoising strength` 0.35 తో మొదలుపెట్టండి. స్టైల్ చాలలేదనిపిస్తే 0.05 చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. నా అనుభవంలో 0.45 దాటాక పోలిక జారడం మొదలవుతుంది. ముందు కళ్ల మధ్య దూరం మారుతుంది, తర్వాత దవడ సన్నబడుతుంది. ControlNet బరువు 0.7 దగ్గర ఉంచితే కళ్ల, పెదవుల గీతలు చోటు వదలవు. బొమ్మ ఏ అంకె నుంచి మొదలవ్వాలో చెప్పే `Seed` అందరికీ ఒకటే పెట్టొద్దు. ఒకే సైజు ముక్కలు, దాదాపు ఒకే ప్రాంప్ట్, దానికి ఒకే సీడ్ కూడా తోడైతే ఒకే రకం నీడలు, ఒకే రకం పెదవి గీత వచ్చే అవకాశం ఎక్కువ. ఒక్కొక్కరికీ నాలుగు బొమ్మలు తీసి, గుర్తుల కాగితం పక్కన పెట్టుకుని ఒకటి ఎంచుకోండి. అందంగా వచ్చినదాన్ని కాదు, ఆ మనిషిలా వచ్చినదాన్ని.

మేనిఛాయ మీద కన్నేసి ఉంచండి. ఇలా మార్చినప్పుడు చామనఛాయ ముఖాలు తెల్లబడటం నేను మళ్లీ మళ్లీ చూశాను. బొమ్మలోని చెంప రంగును ఫోటోలోని చెంప రంగు పక్కన పెట్టి పోల్చండి, తేలిపోయి ఉంటే కర్వ్స్‌తో వెనక్కి తెచ్చేయండి. రంగు మారిన ముఖం ఎంత బాగా వేసినా ఆ మనిషిది కాదు.

ఇదంతా చేత్తో ఎందుకు, ADetailer ఉంది కదా అని మీరు అడగొచ్చు. అది ముఖాలను తనే కనిపెట్టి ఒక్కొక్కటీ విడిగా వేస్తుంది. `[SEP]` పెట్టి ఒక్కో ముఖానికి ఒక్కో ప్రాంప్ట్ కూడా ఇవ్వొచ్చు.

```
man aged 70, round glasses [SEP] boy aged 8 [SEP] woman aged 40
```

ఒకే వరసలో, ఎడం ఎడంగా నిలబడ్డ నలుగురైదుగురికి అది చక్కగా పనిచేస్తుంది. రెండు వరసలుంటే మాత్రం చిక్కే. ఎడమ నుంచి కుడికి అన్న వరస పెడితే వెనక వరస, ముందు వరస కలగలిసిపోతాయి. సగం ముఖాన్ని అది ముఖమని గుర్తించకపోతే అక్కడి నుంచి ప్రాంప్ట్‌లన్నీ ఒక మనిషి పక్కకి జరుగుతాయి. పిల్లాడికి కళ్లజోడు వచ్చిందంటే జరిగింది అదే.

అడుగు 6: వెనక నుంచి ముందుకి అతికించండి

GIMP లో అడుగు బొమ్మ కింద పొరగా ఉంటుంది. ముక్కలను సగానికి తగ్గించి, రాసుకున్న చోట్లలో పెట్టండి. వెనక వరసవాళ్లు కింది పొరల్లో, ముందు వరసవాళ్లు పై పొరల్లో, పాప అందరికన్నా పైన. ప్రతి పొరకీ లేయర్ మాస్క్ ఇచ్చి, కప్పిన చదును రంగును మాస్క్‌తో తీసేయండి.

మాస్క్ అంచు అన్నిచోట్లా ఒకేలా మెత్తగా ఉండకూడదు. మెడ, కాలర్ దగ్గర 20 పిక్సెళ్ల వరకు మెత్తగా కరిగించండి. ముఖం సన్నగీతలు, బట్టల ముతక కుంచె అక్కడే కలవాలి. ఇద్దరి తలలు తగిలే చోట మాత్రం రెండు పిక్సెళ్లకు మించి మెత్తదనం వద్దు. మెత్తని అంచంటే రెండు బొమ్మలు సగం సగం కలిసిన చోటు. రెండు చెంపల మధ్య అది ఉంటే, మనం ఇంతసేపూ తప్పించుకున్న కలిసిపోవడాన్ని మన చేత్తోనే తెచ్చినట్టవుతుంది.

అక్కాచెల్లెళ్ల దగ్గర గట్టి అంచు ఉన్నా జుట్టులో జుట్టు కలిసినట్టే కనిపించింది. అప్పుడు చెల్లెలి తల వెంబడి అక్క జుట్టు మీద సన్నగా ఒక నీడ వేశాను, చెల్లెలి జుట్టు అంచును కొంచెం లేత గోధుమ రంగుకి తెచ్చాను. రెండు నిమిషాల పని. ఎవరి తల ముందుందో దూరం నుంచి కూడా తెలిసింది.

అన్నీ అతికించాక బొమ్మంతా ఒకటిగా కనిపించడానికి మళ్లీ ఒకసారి `img2img` లో నడపాలని చేయి లాగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. 0.15 పెట్టినా సరే, చిన్న ముఖాలకు మళ్లీ చాలినన్ని గడులు దక్కవు, కష్టపడి తెచ్చిన పోలిక చెదురుతుంది. దాని బదులు అన్నిటికన్నా పైన కాగితపు గరుకుదనం ఉన్న పొరను మల్టిప్లై మోడ్‌లో 20 శాతం దగ్గర వేయండి. ఆ పైన అందరికీ వర్తించే ఒకే రంగు సవరణ చేయండి. అతుకులు కనిపించకపోవడానికి అది చాలు.

పరీక్ష

ముందు అంకెలేసిన కాపీని పక్కన పెట్టి తలలు లెక్కపెట్టండి. తర్వాత బొమ్మను స్క్రీన్ మీద అరచేతి అంత చేసి చూడండి. అంత చిన్నదిగా ఉన్నప్పుడు కూడా ఎవరు ఎవరో తెలియాలి. ఆ తర్వాత జుట్టు, బట్టలు కనపడకుండా ముఖాలను మాత్రమే కత్తిరించి కలగాపులగంగా పరచి, ఆ మనుషులు బాగా తెలిసిన ఒకరికి చూపించి పేర్లు చెప్పమనండి. మీరు గంటలకొద్దీ ఆ ముఖాలను చూశారు కాబట్టి మీ కన్ను దీనికి పనికిరాదు.

నా బొమ్మలో తొమ్మిదిమంది పేర్లు వెంటనే వచ్చాయి. చెల్లెలి దగ్గర మాత్రం చూసినవారు ఆగారు, "అక్కే కదా?" అన్నారు. కాగితం తీసి చూస్తే మోడల్ ఆమె చిగుళ్లను పెదవి కింద దాచేసింది, విల్లులాంటి కనుబొమలను తిన్నగా చేసేసింది. ఆ ఒక్క ముక్కను 0.4 నుంచి 0.35 కి తగ్గించి, ప్రాంప్ట్‌లో `arched eyebrows, upper gums visible in smile` చేర్చి మళ్లీ నాలుగు తీశాను. మూడోది అదే చోట, అదే మాస్క్‌లో పెట్టాను. మిగతా తొమ్మిది పొరలను ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు.